రోజెట్ ఇచ్చిన మూడు అంకెలు: గర్డర్ వెబ్‌లో అసలు లాగుడు ఎటువైపు?

310, −150, −90. క్రేన్ చక్రాలు అనుకున్న చోటికి వచ్చి ఆగాక మీటర్లో కనిపించిన అంకెలివి. మూడూ మైక్రోస్ట్రెయిన్‌లో ఉన్నాయి. మీటరు పొడవున్న ఉక్కు మిల్లీమీటరులో వెయ్యో వంతు సాగితే అది ఒక మైక్రోస్ట్రెయిన్. పుస్తకాల్లో వికృతి, ప్రతిబలం అని చదువుకున్నాం గానీ ఫ్యాబ్రికేషన్ షాపులో స్ట్రెయిన్, స్ట్రెస్ అనే అంటారు. నేనూ అలాగే రాస్తాను.

ఈ సాగుడును కొలిచే గేజ్‌లు అంటించింది క్రేన్‌ను మోసే ఒక గాంట్రీ గర్డర్ వెబ్ మీద, అంటే దాని మధ్యలో నిలువుగా నిలిచే ప్లేటు మీద. వెబ్ ప్లేటు 800 మిల్లీమీటర్ల ఎత్తు, 10 మిల్లీమీటర్ల మందం. పైనా కిందా 250 వెడల్పు, 16 మందం ఉన్న ఫ్లాంజ్‌లు. ఎడమ సపోర్టు నుంచి 1.8 మీటర్ల దూరంలో, గర్డర్ సగం ఎత్తుకు 200 మిల్లీమీటర్లు దిగువన రోజెట్ ఉంది. ఒకే పల్చటి రేకు మీద మూడు గేజ్‌లను వేర్వేరు దిక్కుల్లో అచ్చు వేస్తే అదే రోజెట్. మనది 45 డిగ్రీల రకం. ఎ గేజ్ గర్డర్ పొడవునా మధ్య స్పాన్ వైపు చూస్తుంది. సి గేజ్ నిలువుగా పైకి ఉంటుంది. బి గేజ్ ఆ రెంటికీ మధ్యలో, మధ్య స్పాన్ వైపు ఏటవాలుగా పైకి ఎక్కుతూ ఉంటుంది. మొదట చెప్పిన మూడు అంకెలూ వరుసగా ఎ, బి, సి గేజ్‌లవి. లెక్క సాఫీగా నడవాలని అంకెల్ని కొంచెం గుండ్రం చేశాను.

ఈ అంకెలు చూడగానే చాలామంది చేసే పని ఒకటుంది. పొడవునా ఉన్న గేజ్ 310 చూపించింది కదా అని దాన్ని ఉక్కు ఎలాస్టిక్ మాడ్యులస్‌తో గుణిస్తారు. ఉక్కు కట్టడాల భారతీయ కోడ్ IS 800 ప్రకారం ఆ మాడ్యులస్ 2 లక్షల మెగాపాస్కల్. జవాబు 62 మెగాపాస్కల్ వస్తుంది, అదే రిపోర్టులోకి ఎక్కుతుంది. ఆ 62 తప్పు కాదు. కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు. ఆ చోట ఉక్కు మీద పడుతున్న అతి పెద్ద లాగుడు దాదాపు 82 మెగాపాస్కల్. అది గర్డర్ పొడవునా లేదు, 26 డిగ్రీలు వాలి ఉంది.

అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ముందు ఒక సైకిల్ ట్యూబు ముక్క తీసుకోండి. దాని మీద బాల్‌పెన్నుతో గుండ్రంగా సున్నా చుట్టి, ట్యూబును ఎటు తోస్తే అటు లాగండి, కాస్త మెలిపెట్టండి. సున్నా కోలగా మారుతుంది. ఎలా లాగినా ఆ కోలకు ఒక పొడుగు దిక్కు, దానికి సరిగ్గా లంబంగా ఒక పొట్టి దిక్కు ఉంటాయి. పొడుగు దిక్కులో ఉన్న సాగుడు అన్నిటికంటే ఎక్కువ. అది మొదటి ప్రిన్సిపల్ స్ట్రెయిన్. పొట్టి దిక్కులో ఉన్నది రెండోది. ఉక్కు మీద ఈ మార్పు కంటికి ఆనదు, అంతే తేడా.

ఆ కోలను పట్టుకోవాలంటే మూడు సంగతులు తెలియాలి: పొడుగు ఎంత, పొట్టి ఎంత, ఎంత వాలి ఉంది. తెలియనివి మూడు కాబట్టి కొలతలూ మూడు కావాలి. రోజెట్‌లో మూడు గేజ్‌లు ఉండటానికి ఇంతకు మించిన రహస్యం లేదు. లాగుడు ఎటువైపో ముందే కచ్చితంగా తెలిస్తే ఆ దిక్కున ఒకటి, దానికి లంబంగా ఒకటి చాలు. సపోర్టు దగ్గర వెబ్‌లో వంపూ, షియర్ అనే కోతా రెండూ కలిసి పనిచేస్తాయి. చక్రం జరిగినప్పుడల్లా వాటి పాళ్లు మారతాయి, దిక్కూ మారుతుంది. అందుకే ఇక్కడ రెండు గేజ్‌లతో పని జరగదు.

ఇక లెక్క. ఎ, సి లంబంగా ఉన్నాయి కాబట్టి వాటి సగటు తీసుకుంటే ఆ చోటి సగటు స్ట్రెయిన్ దొరుకుతుంది. 310కి −90 కలిపి సగం చేస్తే 110. లంబంగా ఉన్న ఏ రెండు దిక్కులు తీసుకున్నా సగటు ఇంతే వస్తుంది. కోత ఏమీ లేకపోతే 45 డిగ్రీల్లో ఉన్న బి కూడా ఇదే 110 చూపించాలి. చూపించింది −150. అంటే 260 తక్కువ. ఆ 260కి రెట్టింపే షియర్ స్ట్రెయిన్, ఇక్కడ −520. నా మటుకు ఈ రోజెట్‌లో బి గేజ్ పని ఇదొక్కటే: సగటు నుంచి తాను ఎంత జరిగిందో చెప్పడం.

γ = 2εb − εa − εc = −300 − 310 + 90 = −520

ఎ కూడా సగటు నుంచి 200 జరిగింది, 310కి 110కి తేడా అంతే. ఒకవైపు 200, దానికి లంబంగా 260. ఈ రెంటితో లంబకోణ త్రిభుజం గీస్తే కర్ణం 328. 1882లో ఒట్టో మోర్ చూపించిన వృత్తానికి ఇదే వ్యాసార్ధం, కేంద్రం 110 దగ్గర ఉంటుంది. ఇక ప్రిన్సిపల్ స్ట్రెయిన్లు తేలికే.

ε1 = 110 + 328 = 438
ε2 = 110 − 328 = −218

దిక్కు దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. ఎ గేజ్ నుంచి బి వైపు కొలిచే కోణం θ అనుకుంటే, సూత్రం చూడటానికి అమాయకంగా ఉంటుంది:

tan 2θ = γ / (εa − εc) = −520 / 400 = −1.3

క్యాలిక్యులేటర్ 2θ కి −52.4 ఇస్తుంది, అంటే θ −26.2 డిగ్రీలు. ఈ సారి అదృష్టం, జవాబు సరైనదే. అయితే పైన 520, కింద −400 ఉన్నా భాగహారం చేస్తే అదే −1.3. అప్పుడు కూడా క్యాలిక్యులేటర్ అదే −26.2 ఇస్తుంది, కానీ ఆ దిక్కున ఉండేది పొట్టి. పొడుగు అక్కడికి 90 డిగ్రీల అవతల ఉంటుంది. భాగించాక గుర్తులు కలిసిపోతాయి కాబట్టి మామూలు ఆర్క్ టాన్‌కి ఆ తేడా తెలిసే దారి లేదు. అందుకే లవాన్ని, హారాన్ని విడివిడిగా తీసుకునే `atan2` వాడాలి. దాంట్లోనూ ఒక గొయ్యి ఉంది. పైథాన్‌లో ముందు లవం ఇస్తాం, ఎక్సెల్‌లో `ATAN2` ముందు హారం అడుగుతుంది. పైథాన్ అలవాటుతో ఎక్సెల్‌లో రాస్తే ఈ గర్డర్‌కు 71 డిగ్రీలు వస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, అంకె నిక్షేపంగా కనిపిస్తుంది.

```python
from math import atan2, degrees, hypot

ea, eb, ec = 310, -150, -90   # microstrain
E, nu = 200000, 0.3           # MPa

g = 2*eb - ea - ec
c = (ea + ec) / 2
r = hypot(ea - ec, g) / 2
e1, e2 = c + r, c - r
theta = degrees(atan2(g, ea - ec)) / 2

k = E / (1 - nu**2) * 1e-6
s1 = k * (e1 + nu*e2)
s2 = k * (e2 + nu*e1)
print(e1, e2, theta, s1, s2)
```

కంప్యూటర్ ఏం చెప్పినా నోటితో సరిచూసుకునే పద్ధతి ఒకటుంది, నేను ఇప్పటికీ దాన్నే నమ్ముతాను. ఎ, సి గేజ్‌లలో ఏది పెద్ద అంకె చూపిస్తే, పొడుగు దిక్కు దానికి 45 డిగ్రీల లోపే ఉంటుంది. బి చూపింది సగటు కంటే ఎక్కువైతే ఆ దిక్కు బి వైపు వాలుతుంది, తక్కువైతే బికి దూరంగా వాలుతుంది. ఇక్కడ పెద్దది ఎ. బి చూపింది సగటు కంటే బాగా తక్కువ. కాబట్టి పొడుగు దిక్కు ఎ దగ్గరే ఉండి, బికి ఎదురు వైపు, అంటే కిందికి వాలాలి. θ మైనస్ రావడానికి అర్థం అదే. సపోర్టు నుంచి మధ్య స్పాన్ వైపు పోతూ కిందికి దిగే గీత వెంట ఉక్కు సాగుతోంది. కాంక్రీటు బీముల్లో సపోర్టు దగ్గర వచ్చే ఏటవాలు పగుళ్లు గుర్తు తెచ్చుకోండి. అవి మధ్య స్పాన్ వైపు పోతూ పైకి ఎక్కుతాయి, అంటే లాగుడు వాటికి అడ్డంగా, కిందికి దిగుతూ ఉందన్నమాట. ఉక్కు పగలలేదు గానీ కథ అదే.

స్ట్రెయిన్ నుంచి స్ట్రెస్‌కు వెళ్లేటప్పుడు, 438ని నేరుగా మాడ్యులస్‌తో గుణించేద్దామనిపిస్తుంది. అలా చేస్తే 87.6 మెగాపాస్కల్ వస్తుంది. అది తప్పు. ఉక్కును ఒకవైపు లాగితే అడ్డంగా సన్నబడుతుంది, ఒకవైపు నొక్కితే అడ్డంగా ఉబ్బుతుంది. పాయిసన్ నిష్పత్తి 0.3 చెప్పేది ఆ సంగతే. 438లో కొంత భాగం రెండో దిక్కున పడిన నొక్కుడు వల్ల వచ్చిన ఉబ్బు. దాన్ని విడదీసే సూత్రం ఇది:

σ1 = E (ε1 + ν ε2) / (1 − ν²) = 81.9
σ2 = E (ε2 + ν ε1) / (1 − ν²) = −19.0

రెండూ మెగాపాస్కల్‌లో. రెండో అంకెను కాస్త నిదానంగా చూడండి. −218 స్ట్రెయిన్ చూస్తే గట్టి నొక్కుడే ఉందనిపిస్తుంది, స్ట్రెస్ మాత్రం 19 మాత్రమే. ఎందుకంటే ఆ 218లో 123 మొదటి దిక్కు లాగుడు వల్ల సన్నబడటమే. నొక్కుడు వల్ల వచ్చింది మిగతా 95. మైనస్ స్ట్రెయిన్ కనిపించిన ప్రతిచోటా కంప్రెషన్ అని రాసేవాళ్లకు ఇది చూపించాలి.

ఈ సూత్రం వెనక కొన్ని ఒప్పందాలు ఉన్నాయి. గేజ్ ఉన్న పైపొరను బయటి నుంచి ఎవరూ నొక్కడం లేదు కాబట్టి మందం దిక్కున స్ట్రెస్ సున్నా. ఉక్కు అన్ని దిక్కుల్లో ఒకేలా ఉంటుంది కాబట్టి స్ట్రెయిన్‌కు పొడుగు దిక్కే స్ట్రెస్‌కూ పెద్ద దిక్కు. కార్బన్ ఫైబర్ లాంటి పొరల పదార్థంలో అలా ఉండాలని లేదు. పైగా ఉక్కు ఇంకా ఎలాస్టిక్‌గానే ఉండాలి. ఉక్కు మళ్లీ పాత పొడవుకు రాలేనంత సాగే హద్దు, అంటే యీల్డ్, దాటితే రోజెట్ స్ట్రెయిన్‌ను సరిగ్గానే చూపిస్తుంది, తప్పుదారి పట్టేది సూత్రమే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మెట్టు. ప్రిన్సిపల్ స్ట్రెస్‌లు రాగానే ఫైలు మూసేయకుండా, ఒకడుగు వెనక్కి వేసి పొడవు దిక్కు, నిలువు దిక్కు స్ట్రెస్‌లు కూడా లెక్కగట్టండి. అదే సూత్రంలో ε1, ε2 బదులు εa, εc పెడితే చాలు. పొడవునా 62.2, నిలువుగా 0.7 వస్తాయి. షియర్ మాడ్యులస్ సుమారు 76,900 మెగాపాస్కల్, దాన్ని −520తో గుణిస్తే షియర్ స్ట్రెస్ −40.

ఈ మూడింటినీ ఎందుకు అడుగుతున్నామంటే, ప్రిన్సిపల్ స్ట్రెస్ ఎంత ఉండాలో ముందుగా మన తలకు తట్టదు గానీ ఈ మూడూ ఎంత ఉండాలో గర్డరే చెబుతుంది. ఆ చక్రాల అమరికకు ఎడమ సపోర్టులో రియాక్షన్ 300 కిలోన్యూటన్లు. సపోర్టుకూ రోజెట్‌కూ మధ్య లోడేమీ లేదు. కాబట్టి అక్కడ మూమెంట్ 300ని 1.8తో గుణిస్తే 540 కిలోన్యూటన్ మీటర్లు. సెక్షన్ జడత్వ భ్రామకం 1.76 × 10⁹ mm⁴. సగం ఎత్తుకు 200 దిగువన వంపు స్ట్రెస్ 61, షియర్ స్ట్రెస్ 38 రావాలి. కొలిచినవి 62, 40. సరిపోయాయి. మరి నిలువు స్ట్రెస్? చక్రం నేరుగా పైన లేదు, దగ్గర్లో స్టిఫెనర్ లేదు. వెబ్‌ను నిలువుగా లాగేవాళ్లూ నొక్కేవాళ్లూ లేరు. అది సున్నాకు దగ్గరగా ఉండాలి, ఉంది. సి గేజ్ చూపిన −90 మొత్తం పొడవునా లాగినందుకు నిలువుగా సన్నబడటమే. ఎ గేజ్‌ను మాడ్యులస్‌తో గుణిస్తే 62 సరిగ్గా రావడం కూడా ఈ నిలువు సున్నా దయే.

ఈ నిలువు సున్నా విలువ నాకు ఒక పొరపాటు వల్ల తెలిసింది. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక షాపులో రాత్రి పొద్దుపోయాక వైర్లు సోల్డర్ చేశాను. బి, సి వైర్లు ఒకదాని చానెల్లో ఒకటి పడ్డాయి. రీడింగ్‌లు స్థిరంగానే ఉన్నాయి, లోడు తీసేస్తే సున్నాకు వచ్చేవి, ఏ అనుమానమూ రాలేదు. ఆ పొరపాటే ఈ గర్డర్ మీద జరిగితే ఏమవుతుందో చూద్దాం. ఎ 310, బి −90, సి −150 అని మీటరు చూపిస్తుంది. లెక్క చక్కగా సాగుతుంది. మొదటి ప్రిన్సిపల్ స్ట్రెస్ 67 మెగాపాస్కల్, దిక్కు −18 డిగ్రీలు. రెండూ నమ్మదగ్గ అంకెలే. అసలుకంటే 15 మెగాపాస్కల్ తక్కువ చెబుతున్నామని వాటిని చూసి ఎవరూ కనిపెట్టలేరు. అదే వెనక్కి వెళ్లి నిలువు స్ట్రెస్ అడిగితే −12.5 అంటుంది, షియర్ 26 అంటుంది. పైన చక్రం లేనిచోట వెబ్‌ను నిలువుగా నొక్కుతున్నది ఎవరు? 300 కిలోన్యూటన్ల రియాక్షన్‌కు 38 ఉండాల్సిన షియర్ 26 ఎలా అయింది? ఈ రెండు ప్రశ్నలు కలిస్తే దొంగ దొరికినట్టే. నన్ను ఆ రోజు పట్టుకున్నది పక్కనున్న పెద్దాయన. ఆయన కాగితం వైపు చూడనేలేదు. "అక్కడ నిలువుగా ఏముందయ్యా?" అని మాత్రం అడిగాడు.

ఎండ చేసే మోసం వేరే రకం. ఉక్కు ఒక్కో డిగ్రీకి సుమారు 12 మైక్రోస్ట్రెయిన్ వ్యాకోచిస్తుంది. ఉక్కు కోసం తయారైన గేజ్‌లు దీన్ని చాలావరకు తమలోనే రద్దు చేసుకుంటాయి గానీ పూర్తిగా కాదు. సున్నా పెట్టింది పొద్దున, చదివింది మిట్టమధ్యాహ్నం అనుకోండి. మూడు గేజ్‌లలోనూ 30 అదనంగా చేరిందనుకుందాం. సగటు 110 నుంచి 140కి జరుగుతుంది. మూడూ సమానంగా పెరిగాయి కాబట్టి వాటి మధ్య తేడాలు మారవు. వ్యాసార్ధం అదే 328, దిక్కు అదే −26.2, షియర్ అదే 40. మారేది సగటు ఒక్కటే, దానివల్ల రెండు ప్రిన్సిపల్ స్ట్రెస్‌లకూ 8.6 మెగాపాస్కల్ చొప్పున కలుస్తుంది. నిలువు స్ట్రెస్ 0.7 కాస్తా 9.2 అవుతుంది. అంటే షియర్ సరిపోయి, పొడవు, నిలువు స్ట్రెస్‌లు రెండూ ఒకే మేరకు జరిగితే వైర్లను కాదు, ఉష్ణోగ్రతను అనుమానించాలి. షియర్ కూడా చెడితే వైర్లు లేదా చానెల్ పేర్లు చూడాలి. అసలు విరుగుడు మాత్రం తేలికే. లోడుకు ముందూ తర్వాతా సున్నా చదివి, రెంటికీ మధ్య ఎక్కువ సేపు పోకుండా చూసుకోవడమే.

రోజెట్ మొత్తంగా రెండు మూడు డిగ్రీలు వంకరగా అంటుకుంటే కంగారు పడక్కర్లేదు. మూడు గేజ్‌లూ ఒకే రేకు మీద ఉన్నాయి కాబట్టి వాటి మధ్య కోణాలు చెడవు, ప్రిన్సిపల్ విలువలు మారవు. దిక్కు ఒక్కటే ఆ రెండు మూడు డిగ్రీలు తప్పుతుంది. మూడు విడి గేజ్‌లను చేత్తో అంటిస్తే మాత్రం ఈ భరోసా లేదు. ఇంకొకటి, 60 డిగ్రీల డెల్టా రోజెట్‌కు సూత్రాలు వేరు. ప్యాకెట్ మీద బొమ్మ చూడకుండా పాత స్ప్రెడ్‌షీటులో అంకెలు పోసేయకండి.

యీల్డ్‌తో పోల్చడానికి 81.9, −19.0 రెంటినీ ఒకే అంకెగా మార్చే వాన్ మిసెస్ స్ట్రెస్ కడితే 93 మెగాపాస్కల్. ఉక్కు E250 రకం, యీల్డ్ 250. మూడో వంతుకు కాస్త పైన ఉన్నామని సంబరపడే ముందు ఆ 93 దేనిదో గుర్తుంచుకోవాలి. గేజ్ అంటించేసరికే గర్డర్ తన బరువునూ పట్టాల బరువునూ మోస్తోంది. మీటరుకు సున్నా పెట్టింది ఆ తర్వాతే. కాబట్టి 93 క్రేన్ తెచ్చినది మాత్రమే. ఉన్న బరువు స్ట్రెస్‌లను లెక్కగట్టి, పొడవు, నిలువు, షియర్ విడివిడిగా కలిపి, ఆ తర్వాతే మళ్లీ ప్రిన్సిపల్ దిక్కు వెతకాలి. రెండు ప్రిన్సిపల్ స్ట్రెస్‌లను నేరుగా కూడితే కుదరదు, వాటి దిక్కులు వేరు కాబట్టి. వెల్డింగ్ చల్లారినప్పుడు లోపల మిగిలిపోయిన స్ట్రెస్ సంగతి ఈ రోజెట్‌కు అసలు తెలియనే తెలియదు.

చివరిగా వెబ్ అవతలి ముఖం. 10 మిల్లీమీటర్ల ప్లేటు ఏ కాస్త పక్కకు వంగినా ఒక ముఖం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ. ఒకవైపు రోజెట్ చూసి ఆ తేడా చెప్పలేం. అందుకే రెండు ముఖాలకూ ఒకేచోట వెనకా ముందూ అంటించి, పొడవు, నిలువు, షియర్ స్ట్రెయిన్లకు సగటు తీస్తారు. అవతలి నుంచి చూస్తే మధ్య స్పాన్ ఎడమ చేతివైపు ఉంటుంది. ఎ గేజ్‌ను అక్కడ కూడా మధ్య స్పాన్ వైపే తిప్పి అంటిస్తే, గేజ్‌ల వరుస మారదు కాబట్టి సి కిందికి చూస్తుంది, బి ఏటవాలుగా కిందికి దిగుతుంది. ప్లేటు ఏమాత్రం వంగకపోతే అక్కడ ఎ 310, సి −90 చూపిస్తాయి. బి మాత్రం −150 కాదు, 370 చూపిస్తుంది, కోణం +26.2 వస్తుంది. గేజ్ చెడిపోయిందని పీకి పారేయకండి. ఆ బి గేజ్ ఇప్పుడు లాగుడు వాలిన వైపే ఉంది. కొత్త షియర్ గుర్తును తిప్పి మొదటి ముఖంతో సగటు తీస్తే రెండూ ఒకే సంగతి చెబుతాయి.